మూడు అంకెల ఫుల్ అండ్ ఫైనల్‌ను పద్దులుగా విడగొట్టడం

ప్రశ్న: నమస్కారమండి. భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో అకౌంట్స్ చూస్తాను. మా ప్రొడక్షన్ సూపర్‌వైజర్ గారు రిజైన్ చేశారు. 2019 జూన్ 3న చేరారు, 2026 జనవరి 1న లెటర్ ఇచ్చారు, 20 ఆఖరి రోజు. బేసిక్ 18,000, హెచ్‌ఆర్‌ఏ 7,200, కన్వేయన్స్ 4,800. హెడ్డాఫీసు పంపిన స్టేట్‌మెంటులో డ్యూస్ 98,205, రికవరీలు 23,500, నెట్ 74,705 అని మూడు అంకెలే ఉన్నాయి. అడ్వాన్సు 6,000, ఫోను 4,500 పట్టామని మాత్రం ఫోన్లో చెప్పారు. లీవులు 14 ఉన్నాయి, మా రూల్లో గ్రాస్‌ని 30తో భాగించి ఇస్తారు. నోటీసు 30 రోజులు, తక్కువైతే బేసిక్ కట్ అని అపాయింట్‌మెంట్ లెటర్లో ఉంది. దసరాకి 10,000 అడ్వాన్సు, అక్టోబరు జీతం నుంచి నెలకు 2,000 కోత. చెరువుల దగ్గరికి తిరిగిన డీజిల్ బిల్లు 1,850 పాసైంది. ఆయనేమో పద్దుల వారీగా రాసిస్తేనే సంతకం పెడతానంటున్నారు. ఎలా రాయాలండి?

సమాధానం:

ఆయన అడిగిందాంట్లో తప్పేం లేదండి, ఆ మూడు అంకెల కాగితం మీద నేనైనా సంతకం పెట్టను. మీరు కొత్త స్టేట్‌మెంటు మొదలుపెట్టే ముందు హెడ్డాఫీసు అంకెల్ని వెనక్కి విప్పి చూడండి, ఎందుకంటే తేడా ఎక్కడుందో తెలియకుండా మీ లెక్క పంపితే "మా సాఫ్ట్‌వేర్ అలాగే చూపిస్తోంది" అని ఒక్క ముక్కలో తిప్పి పంపేస్తారు.

98,205లోంచి జనవరి 20 రోజుల జీతం 19,355 తీసేయండి, లీవుల డబ్బు 14,000 తీసేయండి, డీజిల్ బిల్లు 1,850 తీసేయండి. సరిగ్గా 63,000 మిగులుతుంది. అది 18,000ని 30తో భాగించి, 15తో, ఏడేళ్ళతో గుణిస్తే వచ్చే అంకె. అంటే గ్రాట్యుటీకి 26తో భాగించాల్సింది 30తో భాగించారు. రికవరీల్లోనూ అంతే, 23,500లోంచి వాళ్ళు చెప్పిన 6,000, 4,500 పోతే 13,000. అందులో నెలనెలా కట్ అయ్యే పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ టాక్స్ 200 తీసేస్తే 11,000 మిగిలింది. అది రోజుకి 1,000 చొప్పున 11 రోజుల గ్రాస్. నోటీసు కోత గ్రాస్ మీద వేశారన్నమాట.

చూశారా, గొడవ మొత్తం ఒకే చోట పుడుతోంది. ఫుల్ అండ్ ఫైనల్‌లో ఒకే మనిషికి "ఒక రోజు జీతం" అనేది నాలుగు రకాలుగా ఉంటుంది. జీతానికి ఒకటి, లీవులకి ఒకటి, నోటీసుకి ఒకటి, గ్రాట్యుటీకి ఒకటి. ఎవరో సాఫ్ట్‌వేర్లో ఒక రోజు రేటు పెట్టేసి అన్నిటికీ అదే లాగితే ఇలాగే అవుతుంది. కాబట్టి మీరు రాసే ప్రతి పద్దు పక్కనా మూడు సంగతులు కనబడాలి: ఏ జీతం మీద, దేనితో భాగించి, ఎన్ని రోజులకి. దాని పక్కనే ఏ కాగితం ఆధారం అన్నది రాసేయండి. ఇక ఒక్కోటీ చూద్దాం.

జీతం తేలికే. జనవరికి 31 రోజులు, ఆయన పద్దు 20 రోజులు. 30,000ని 31తో భాగించి 20తో గుణిస్తే 19,355. ఒకే అంకెగా కాకుండా బేసిక్ 11,613, హెచ్‌ఆర్‌ఏ 4,645, కన్వేయన్స్ 3,097 అని విడిగా రాయండి, కింద పీఎఫ్‌కి ఆ బేసిక్ ముక్క కావాలి. 31తో భాగించాలా 30తోనా అంటే మీ ప్లాంటులో ఇంతకుముందు ఎవరికైనా లాస్ ఆఫ్ పే పడిన నెల స్లిప్పు తీసి చూడండి, అక్కడ దేనితో భాగించారో ఇక్కడా దాంతోనే. సంక్రాంతి సెలవులు పెయిడ్ హాలిడేలైతే అవి ఆ 20లోనే ఉంటాయి. అయితే మస్టర్ ఒకసారి మీ కళ్ళతో చూసుకోండి. పండగ వారంలో మన భీమవరం చుట్టుపక్కల మస్టర్లు ఎంత శ్రద్ధగా రాస్తారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. సెలవు అయిపోయిన మర్నాడు ఆబ్సెంట్ ఉందా, ఉంటే లీవు రాశారా లేదా అన్నది ఇప్పుడే తేలాలి, ఆ ఒక్క రోజు ఇటు జీతాన్నీ అటు లీవు బ్యాలెన్సునీ మారుస్తుంది.

ఈ జీతం వెనకే వచ్చేవి పీఎఫ్, ప్రొఫెషనల్ టాక్స్. నెలనెలా 1,800 కట్ అవుతోందంటే మీవాళ్ళు 15,000 సీలింగు మీద 12 శాతం వేస్తున్నారు. ఈ నెల ఆయన సంపాదించిన బేసిక్కే 11,613, సీలింగుకి లోపలే ఉంది, కాబట్టి దాని మీద 12 శాతం, అంటే 1,394. ప్రొఫెషనల్ టాక్స్ మన రాష్ట్రంలో 20,000 దాటితే 200, 15,000 దాటి 20,000 వరకు 150. ఈ నెల జీతం 19,355 కాబట్టి 150. లీవుల డబ్బు కలిపితే 20,000 దాటుతుంది కదా అని అడుగుతారేమో, అది నెలనెలా వచ్చే జీతం కాదు, ఇందులో కలపక్కర్లేదు. లీవుల డబ్బు మీద పీఎఫ్ కూడా ఉండదు, సుప్రీంకోర్టు 2008లోనే తేల్చేసింది.

గ్రాట్యుటీకి వస్తే, ముందు సర్వీసు లెక్క. ఎక్సెల్లో ఇలా కొట్టండి, A2లో చేరిన తేదీ, B2లో ఆఖరి రోజు:

```
=DATEDIF(A2,B2,"y")
=DATEDIF(A2,B2,"ym")
=ROUND(18000*15/26*7,0)
```

మొదటిది 6, రెండోది 7 చూపిస్తుంది. ఆరేళ్ళ ఏడు నెలలు, పైన కొన్ని రోజులు. ఆఖరి సంవత్సరంలో ఆరు నెలలు దాటితే పూర్తి ఏడాది కింద లెక్క, అందుకే ఏడు. ఇది హెడ్డాఫీసు సరిగ్గానే పట్టుకుంది. 26 ఎక్కడిదంటే, నెలలో ఆదివారాలు తీసేస్తే పనిరోజులు 26 అని చట్టమే పెట్టిన లెక్క. మీ కంపెనీ జీతం 30తో ఇస్తుందా 31తో ఇస్తుందా అన్నదానితో దీనికి సంబంధం లేదు. 18,000 బై 26, ఇంటూ 15, ఇంటూ 7, వెరసి 72,692. హెడ్డాఫీసు ఇచ్చిన 63,000కీ దీనికీ 9,692 తేడా.

బేసిక్ 18,000 మీదే ఎందుకు, గ్రాస్ మీద ఎందుకు కాదు అని ఆయన అడగొచ్చు. 2025 నవంబరు 21 నుంచి లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక వేతనం అనే మాటకి కొత్త లెక్క వచ్చింది. హెచ్‌ఆర్‌ఏ, కన్వేయన్స్ లాంటివి వేతనంలోకి రావు గానీ, అలా బయట ఉంచినవన్నీ కలిపి మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన మేరకు తిరిగి వేతనంలో కలపాలి. ఈయనకి బయట ఉన్నవి 12,000, మొత్తం 30,000లో సగం 15,000. దాటలేదు, కాబట్టి 18,000 మీదే. అదే ఇంకో ఉద్యోగికి గ్రాస్ 30,000 ఉండి బేసిక్ 12,000 మాత్రమే రాసి ఉంటే, బయటవి 18,000 అవుతాయి, ఎక్కువైన 3,000 కలిపి 15,000 మీద గ్రాట్యుటీ కట్టాలి. బేసిక్ తక్కువ రాసుకునే అలవాటున్న కంపెనీలు ఇప్పుడు అక్కడే తడబడుతున్నాయి.

ఇప్పుడు లీవులు, నోటీసు. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడాలి, ఎందుకో చెప్తాను. లీవులకి మీ రూలు గ్రాస్ బై 30, అంటే రోజుకి 1,000, 14 రోజులకి 14,000. నోటీసుకి లెటర్లో ఉన్నది బేసిక్, అంటే రోజుకి 600. లెటర్ ఇచ్చిన మర్నాటి నుంచి లెక్కపెడితే 30 రోజులు జనవరి 31తో పూర్తవుతాయి, ఆయన 20 వరకు చేశారు, తక్కువైంది 11 రోజులు. కోత 6,600. హెడ్డాఫీసు కూడా 11 రోజులే తీసుకుంది, రోజు రేటే వేరే వాడింది. లెటర్ ఇచ్చిన రోజుని కూడా నోటీసులో కలిపితే తక్కువైంది పదే రోజులవుతుంది. మీ లెటర్లో ఆ సంగతి రాసి ఉంటే అలాగే వెయ్యండి, లేకపోతే ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని పద్దులో తేదీలు రాసేయండి. "నోటీసు షార్టేజ్ 11" అని ఒట్టి అంకె రాస్తే మళ్ళీ అక్కడే పేచీ.

కొంతమంది మేనేజర్లు మంచి చేస్తున్నామనుకుని ఒక మాటంటారు: "లీవులున్నాయిగా బాబూ, నోటీసులో సర్దేద్దాం, కోత ఉండదు." వినడానికి బానే ఉంటుంది. 11 లీవులు సర్దేస్తే మిగిలేవి 3, చేతికొచ్చేది 3,000. సర్దకుండా వదిలేస్తే 14,000 వచ్చి 6,600 పోతుంది, అంటే 7,400. సర్దడం వల్ల ఆయనకి 4,400 నష్టం! లీవు రోజూ నోటీసు రోజూ ఒకే రేటయితేనే ఆ సర్దుబాటు చెల్లుకి చెల్లు. ఆయన కోరి రాసిస్తే తప్ప మీరై మీరు సర్దకండి, రెండు పద్దులూ విడివిడిగానే చూపించండి. నోటీసు కోత మీద జీఎస్టీ వెయ్యాలని మీ ఆడిటర్ అంటే, అక్కర్లేదని 2022 ఆగస్టు సర్క్యులర్లోనే చెప్పారని చెప్పండి.

అడ్వాన్సు సంగతి లెడ్జర్ తీస్తే ఐదు నిమిషాల పని. అక్టోబరు, నవంబరు, డిసెంబరు మూడు నెలలు 2,000 చొప్పున కోసినట్టు స్లిప్పుల్లో ఉంటే 6,000 తీరిపోయింది, బాకీ 4,000. హెడ్డాఫీసు 6,000 చూపిస్తోందంటే రెండే కోతలు లెడ్జర్లో ఎక్కి ఉంటాయి, డిసెంబరుది ఎక్కలేదేమో చూడండి. లేదా ఎవరో తీరిన అంకెనే బాకీ అనుకుని లాగేశారు, రెండూ 6,000 కాబట్టి పైపైన చూస్తే తెలీదు. మూడు స్లిప్పుల నకళ్ళు జతచేస్తే ఇంక మాట ఉండదు.

ఫోను దగ్గర మాత్రం మీరు కాస్త కాళ్ళు తిప్పాలి. హెడ్డాఫీసుకి తెలిసింది ఒక్కటే, ఆయన పేరు మీద ఫోను ఇష్యూ అయింది, తిరిగొచ్చినట్టు కాగితం లేదు. ఆయన స్టోర్స్‌లో ఇచ్చేశానంటే స్టోర్స్ రిజిస్టర్లో ఆ పేజీ తీయించి, ఐఎమ్ఈఐ నంబరు కలిసిందో లేదో చూసి, స్టోర్ కీపర్ చేత తేదీతో సంతకం పెట్టించి నో డ్యూస్ ఫారంతో పాటు ఫొటో పంపండి. కలిస్తే ఈ పద్దు సున్నా. నిజంగానే ఇవ్వలేదనుకోండి, అప్పుడైనా కొత్త ఫోను ధర పట్టేయడానికి లేదు. వస్తువు ఆయనకి అప్పగించినట్టు కాగితం ఉండాలి, పోవడంలో ఆయన నిర్లక్ష్యం ఉండాలి, చెప్పుకోవడానికి ఆయనకి అవకాశం ఇచ్చి ఉండాలి, కోత కూడా జరిగిన నష్టాన్ని మించకూడదు. వాడిన ఫోనుకి నష్టమెంతో మీరే ఆలోచించండి. కిందది రిజిస్టర్లో ఫోను కలిసిందనుకుని రాస్తున్నాను.

స్టేట్‌మెంటు ఇలా రాయండి.

ఇవ్వాల్సినవి
జనవరి 1–20 జీతం, 30,000 ÷ 31 × 20, మస్టర్ ప్రకారం: 19,355
లీవు ఎన్‌క్యాష్‌మెంట్, 30,000 ÷ 30 × 14, లీవు రిజిస్టర్ ప్రకారం: 14,000
డీజిల్ బిల్లు, పాసైన వోచర్ ప్రకారం: 1,850
గ్రాట్యుటీ, 18,000 ÷ 26 × 15 × 7 సంవత్సరాలు: 72,692
మొత్తం: 1,07,897

రికవరీలు
పీఎఫ్, 11,613 మీద 12 శాతం: 1,394
ప్రొఫెషనల్ టాక్స్: 150
నోటీసు తక్కువైన 11 రోజులు, జనవరి 21–31, 18,000 ÷ 30 × 11: 6,600
దసరా అడ్వాన్సు బాకీ, 10,000 – 6,000: 4,000
ఫోను, స్టోర్స్‌కి అందింది: 0
టీడీఎస్: 0
మొత్తం: 12,144

నెట్: 95,753

హెడ్డాఫీసు నెట్‌కి 21,048 ఎక్కువ. మెయిల్లో ఆ తేడాని కూడా విడగొట్టి పంపండి: గ్రాట్యుటీ 9,692, ఫోను 4,500, నోటీసు 4,400, అడ్వాన్సు 2,000, పీఎఫ్ 406, ప్రొఫెషనల్ టాక్స్ 50. కలిపితే సరిగ్గా 21,048 రావాలి, రాకపోతే ఎక్కడో పైసల రౌండింగులోనో పద్దులోనో తప్పుంది. సున్నా పద్దుల్ని తీసేయకండి. టీడీఎస్ సున్నా అని కనబడితే చూశారని అర్థం, అసలు లేకపోతే మర్చిపోయారని అర్థం. ఈయన ఏడాది జీతం టాక్స్ పడేంత లేదు, గ్రాట్యుటీ చట్టం లెక్క ప్రకారమే ఇస్తున్నారు కాబట్టి దానికి మినహాయింపు ఉంది.

నెట్ ఒకటే అయినా గ్రాట్యుటీని పేమెంటులో విడిగా ఉంచమంటాను. రిజైన్ చేసిన మనిషి గ్రాట్యుటీలోంచి అడ్వాన్సులూ నోటీసు కోతలూ పట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు. దాన్ని ఆపేయడం, తగ్గించడం అనేవి కంపెనీ ఆస్తికి నష్టం చేసో, దౌర్జన్యం చేసో, ఉద్యోగంలో ఉండగా నైతిక పతనం కిందకొచ్చే నేరం చేసో డిస్మిస్ అయిన కేసుల వరకే. ఈయన విషయంలో చిక్కు లేదు, గ్రాట్యుటీ పక్కన పెట్టినా మిగతా డ్యూస్ 35,205 ఉన్నాయి, రికవరీలు 12,144 అందులోంచే పోయి 23,061 మిగులుతుంది. అంటే రెండు చెల్లింపులు: 23,061 ఒకటి, 72,692 ఒకటి. రికవరీలు మిగతా డ్యూస్‌ని దాటిపోయే కేసు వస్తే మాత్రం మిగిలిన బాకీని గ్రాట్యుటీలో కలిపేయకుండా, ఆయన దగ్గర విడిగా రాతపూర్వకంగా తీసుకోండి.

విడిగా ఉంచడానికి ఇంకో కారణం గడువులు. కొత్త వేతన కోడ్ ప్రకారం రిజైన్ చేసినా సరే, జీతం బాకీ రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. గ్రాట్యుటీకి 30 రోజుల గడువుంది, దాటితే వడ్డీ. "నో డ్యూస్ రాలేదు, వచ్చే నెల జీతాలతో కలిపి వేస్తాం" అనే పాత పద్ధతి ఇక నడవదు. కాబట్టి వచ్చేసారి రిజిగ్నేషన్ లెటర్ అందిన రోజే స్టోర్స్‌కీ క్యాంటీన్‌కీ ఐటీకీ నో డ్యూస్ ఫారం తిప్పేయండి, ఆఖరి రోజు దాకా ఆగొద్దు.

చివరికి నెట్ కింద రెండు పంక్తులు రాయండి. ఒకటి, పీఎఫ్ ఖాతాలో ఉన్న సొమ్ము ఈ సెటిల్‌మెంటులోది కాదని, పోర్టల్లో డేట్ ఆఫ్ ఎగ్జిట్ 20-01-2026గా వేస్తామని. ఇది వేయక ఎంతమంది మన ఆఫీసుల చుట్టూ తిరుగుతారో. రెండు, 2025–26 బోనస్. బోనస్‌కి చూసేది గ్రాస్ కాదు, బేసిక్ ప్లస్ డీఏ. 18,000 అనేది బోనస్ పరిమితి 21,000కి లోపలే ఉంది, 30 రోజుల కంటే ఎక్కువే పనిచేశారు, కాబట్టి మానేసినా ఆయనకి బోనస్ వస్తుంది. ఏడాది లెక్కలు ముగిశాక ఎనిమిది నెలల్లోపు ఇవ్వాలి గనక ఇప్పటి నెట్‌లో లేదని రాయండి. హెడ్డాఫీసు రసీదులో "ఇక నాకు కంపెనీ నుంచి ఏ బాకీ లేదు" అనే వాక్యం ఉంటే, దాన్ని "పై పద్దుల మేరకు 95,753 అందింది, 2025–26 బోనస్ మినహా" అని మార్చి, అప్పుడు సంతకం తీసుకోండి.